పొదుగువాపుకు కలబంద పూత: ఏ ఆవుకు చాలు, ఏ ఆవుకు చాలదు

ప్రశ్న: మాది పూతలపట్టు దగ్గర పల్లె. మూడు సంకరజాతి ఆవులున్నాయి. ఈని ఇరవై రోజులైన ఆవుకు నిన్న ఉదయం నుంచి వెనుక కుడి చన్నులో పాలు విరిగినట్టు తెల్లటి తునకలు వస్తున్నాయి. ఆ వైపు పొదుగు కొంచెం గట్టిగా ఉంది. మేత తింటోంది. మా మామయ్య కలబంద, పసుపు, సున్నం నూరి పూయమంటున్నారు. ఇంజక్షను వేయిస్తే నాలుగైదు రోజులు పాలు కేంద్రంలో పోయకూడదంటున్నారు. నాటువైద్యంలో ఏది నిజంగా పనిచేస్తుంది, దేన్ని నమ్ముకుంటే ఆవు చేజారుతుంది?

జవాబు:

కలబంద కోయడానికి కత్తి తీసుకునే ముందు థర్మామీటరు తీసుకోండి. ఇంట్లో లేకపోతే మందుల దుకాణంలో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటరు చాలు. కొనకు కొద్దిగా నూనె రాసి, మలద్వారంలో పేడకు కాకుండా లోపలి గోడకు ఆనేలా ఏటవాలుగా పెట్టి, శబ్దం వచ్చేదాకా పట్టుకోండి. ఎండలో కట్టేసిన ఆవుకు ఊరికే ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఉదయమో, సాయంత్రం నీడలోనో చూడాలి. 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మధ్య ఉంటే మీ మామయ్య మాట వినవచ్చు. 103 దాటినా, 100 కంటే తగ్గినా వినకండి. ఈ రెండో మాట ఎందుకన్నానో కింద ఒక ఆవు కథ చెబుతాను. అది నా తప్పు కూడా ఉన్న కథ.

నేను తిరుపతి పశువైద్య కళాశాలలో చదివి, ముప్ఫై ఏళ్లకు పైగా ఈ జిల్లాలోనే, ఎక్కువగా పలమనేరు, బంగారుపాళ్యం వైపు పశువుల ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యాను. చదువుకున్న రోజుల్లో కలబంద పేరెత్తితే నవ్వేవాళ్లం. తర్వాత తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయంలో పున్నియమూర్తి గారు ఇలాంటి మందులను కొలతలతో సహా ఒక పద్ధతిలో పెట్టారు. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ వాటిని పాల సంఘాల ద్వారా ఊళ్లలోకి తెచ్చింది. మన జిల్లా తమిళనాడు సరిహద్దుకు ఆనుకునే ఉంది కాబట్టి కాగితాల కంటే ముందే కబురు ఇక్కడికి చేరింది.

బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లెలో ఒక రైతుకు రెండు ఆవులు ఉండేవి. మొదటిది జెర్సీ సంకరం, మూడో ఈత, పూటకు ఆరు లీటర్లు ఇచ్చేది. దానికి సరిగ్గా మీ ఆవుకు ఉన్న లక్షణాలే వచ్చాయి. ఒక చన్నులో తునకలు, కొద్దిపాటి గట్టిదనం. జ్వరం లేదు. దాణా గిన్నె నాకి నాకి ఖాళీ చేస్తోంది. ఆయన నాకు చెప్పకుండానే పూత మొదలుపెట్టాడు. నేను వేరే పని మీద వెళ్లి చూసేసరికి మూడో రోజు. తునకలు బాగా తగ్గాయి. సరే, కొనసాగించమన్నాను. అయిదు రోజులకు పాలు కంటికి మామూలుగా కనిపించాయి. పదో రోజు నేను పరీక్ష చేస్తే ఆ చన్ను పాలూ మిగతా మూడు చన్నుల పాలూ ఒకే తీరుగా ఉన్నాయి.

ఆయన వాడిన కొలతలు ఇప్పుడు పాల సంఘాల వాళ్లు చెబుతున్నవే. కలబంద పావు కిలో, ముళ్లు చెక్కేసి తొక్కతో సహా ముక్కలు కోయాలి. పసుపు 50 గ్రాములు. తాంబూలానికి వాడే తడి సున్నం 10 నుంచి 15 గ్రాములు, అంటే చిన్న చెంచా నిండుగా, అంతకు మించకూడదు. ఈ మూడింటినీ మిక్సీలో వేస్తే ఎర్రటి ముద్ద వస్తుంది. పసుపుకు సున్నం తగిలితే వచ్చే పారాణి రంగే అది. ఆ రంగు రాకపోతే సున్నం పాతబడిపోయిందనో, పసుపు కల్తీదనో అనుమానించవచ్చు. ముద్దలోంచి ఒక గుప్పెడు తీసి, గ్లాసు నీళ్లలో పలుచగా కలుపుకోవాలి. పొదుగు కడిగి, ఆ చన్ను పాలను పూర్తిగా పిండేసి, వాపు ఉన్న భాగానికే కాకుండా పొదుగంతా పూయాలి. ఇలా రోజుకు ఎనిమిది పది సార్లు, అయిదు రోజులు. ముద్ద ఏ రోజుకు ఆ రోజే నూరుకోవాలి. దీంతోపాటు రోజుకు రెండు నిమ్మకాయలు కోసి తినిపించమంటారు. నిమ్మలోని సి విటమిన్ చాలావరకు ఆవు మొదటి పొట్టలోనే నశించిపోతుంది కాబట్టి దాని మీద నాకు పెద్ద ఆశ లేదు. హాని కూడా లేదు, ఆవు ఇష్టంగా తింటే పెట్టండి.

సున్నం విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. గోడలకు కొట్టే పొడి సున్నం తెచ్చి కలిపిన ఇళ్లను చూశాను. చన్నుల చర్మం కాలి పొరలు పొరలుగా ఊడింది. నొప్పికి ఆవు పాలు పిండనివ్వలేదు. పాలు లోపలే నిలిచి, ఒక చన్ను జబ్బు కాస్తా రెండు చన్నులదైంది. పుండ్లు, పగుళ్లు ఉన్న చోట తాంబూలం సున్నం కూడా మండుతుంది.

ఇది పనిచేస్తుందనడానికి ఆధారం ఉందా అంటే, కొంత ఉంది. పసుపులోని కుర్కుమిన్‌కు వాపు తగ్గించే గుణం ఉందని ప్రయోగశాలల్లో బాగానే తేలింది. కలబంద గుజ్జు వేడెక్కిన చర్మాన్ని చల్లబరుస్తుంది. పల్లెల్లో వేల ఆవులకు పూసి, చాలావాటికి నయమైందని లెక్కలు కూడా వచ్చాయి. వాటిలో ఒక లోటు ఉంది. పూత పూసిన ఆవుల పక్కన, పూత పూయకుండా ఊరికే శుభ్రంగా పిండిన ఆవులను పెట్టి పోల్చి చూసినవి తక్కువ. పొదుగువాపులో ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే తేలికపాటి కేసుల్లో గణనీయమైన భాగం దానంతట అదే తగ్గుతుంది. తునకలు కనిపించేసరికే ఆవు ఒంట్లోని రక్షక కణాలు లోపలి సూక్ష్మజీవిని చంపేసి ఉండవచ్చు. మనం చూసే తునకలు ఆ యుద్ధంలో మిగిలిన చెత్త. అప్పుడు పూత పూసినా తగ్గుతుంది, పూయకపోయినా తగ్గుతుంది, ఇంజక్షను వేసినా తగ్గుతుంది. పేరు మాత్రం చివరగా ఏది చేశామో దానికి వస్తుంది. ఇంజక్షన్లతో నేను తెచ్చుకున్న మంచి పేరులో కూడా కొంత ఇలా వచ్చిందే.

అందుకే తేలిక కేసులో పూతను నేను సమర్థిస్తాను. జ్వరం లేని, మేత తింటున్న ఆవుకు యాంటీబయాటిక్ వేయడం ఒక రోజు ఆపి, ఈలోగా పాలను ప్రయోగశాలకు పంపి, ఏ సూక్ష్మజీవి ఉందో తెలుసుకుని వేస్తే ఆవుకు నష్టం జరగదని విదేశాల్లోని పెద్ద డెయిరీల్లో జాగ్రత్తగా చేసిన పరిశోధనల్లో తేలింది. ఆ ఒక్క రోజు మీ మామయ్య పూతకు దొరికిన న్యాయమైన గడువు. రోజుకు ఎనిమిది సార్లు పూయాలంటే ఎనిమిది సార్లు పొదుగు తాకాలి, కడగాలి, పిండాలి, చూడాలి. నా అనుమానం, ఈ మందులో సగం బలం ఆ చూపులోనే ఉంది.

ఇప్పుడు రెండో ఆవు. అదే రైతు, అదే పాక, ఏడు నెలల తర్వాత. హోల్‌స్టీన్ సంకరం, రెండో ఈత, ఈని తొమ్మిది రోజులు. సాయంత్రం పాలు పిండేటప్పుడు వెనుక ఎడమ చన్ను వేడిగా, ఉబ్బి ఉంది. పాలలో తునకలు లేవు. పాలే లేవనాలి, పసుపుపచ్చని నీళ్లు వచ్చాయి, పెరుగు విరిగితే పైన తేలే తేటలాగా. ఆవు ఆ పూట దాణా ముట్టలేదు. ఆయనకు భయం వేయలేదు, ఎందుకంటే మొదటి ఆవుకు నయమైన మందు ఇంట్లోనే ఉంది. రాత్రంతా నిద్ర మానుకుని మరీ పూశాడు. పనిలో లోపం ఏమీ లేదు. మర్నాడు ఉదయం ఆవు వణికింది. మధ్యాహ్నానికి వణుకు ఆగి, ఒళ్లు చల్లబడింది. వేడి తగ్గిందని, మందు పట్టిందని ఇంట్లో అందరూ సంతోషించారు. ఆ సాయంత్రం ఆవు పడుకుంది. తర్వాత లేవలేదు.

నాకు ఫోను వచ్చేసరికి సుమారు నలభై గంటలు గడిచాయి. నేను వెళ్లేసరికి 98.6 ఉంది. చెవులు, కాళ్లు చల్లగా ఉన్నాయి. కళ్లు లోపలికి పోయాయి. మెడ చర్మం చిటికెతో లాగి వదిలితే గుడారంలా అలాగే నిలబడింది. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి రెండు నిమిషాలు కూర్చున్నాను. ఆరోగ్యంగా ఉన్న ఆవు పొట్ట ఆ వ్యవధిలో రెండు మూడు సార్లు చేతిని పైకి నెడుతుంది. ఒక్కసారి కూడా కదలలేదు. పొదుగు మాత్రం ఎర్రటి పూతతో, చూడముచ్చటగా, శుభ్రంగా ఉంది.

ఇది పేడలో ఉండే ఇ.కోలై జాతి సూక్ష్మజీవులతో వచ్చే రకం. ఈనిన తొలి వారాల్లో ఆవు రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది, నేల తడిగా ఉంటుంది, ఇది ఎక్కువగా అప్పుడే వస్తుంది. ఇందులో ఆవును చంపేది పొదుగులోని వాపు కాదు. ఆ సూక్ష్మజీవులు చనిపోయేటప్పుడు వాటి గోడల్లోంచి వెలువడే విషం రక్తంలో కలిసి గుండె, పొట్ట, రక్తనాళాలను కుదేలు చేస్తుంది. చర్మం పైన పూసినది ఆ విషాన్ని అందుకోలేదు. అక్కడ కావలసింది రక్తనాళంలోకి లీటర్ల కొద్దీ సెలైను, వాపును, నొప్పిని తగ్గించే ఇంజక్షను, యాంటీబయాటిక్, అవసరమైతే కాల్షియం. మొదటి పన్నెండు గంటల్లో వీటిని మొదలుపెట్టిన ఆవులు చాలానే లేచి నిలబడ్డాయి. నలభై గంటల తర్వాత నేను ఇవన్నీ ఎక్కించాను. నాలుగో రోజు ఉదయం పోయింది. డెబ్బై వేలు పెట్టి కొన్న ఆవు, ఈనాక రెండు వారాలు కూడా పాలివ్వలేదు.

నా తప్పు ఏమిటంటే, మొదటి ఆవు కోలుకున్న రోజు ఆయన వాకిట్లో నిలబడి, "ఇదే మందు, ఇక నాతో పనేముంది" అని సరదాగా అన్నాను. ఏ ఆవుకు పని చేయదో ఆ రోజే చెప్పి ఉండవలసింది. పనికిరాని నాటుమందును రైతు ఒకటి రెండు సార్లు చూసి వదిలేస్తాడు. తేలిక జబ్బుకు పనిచేసిన మందే ఆయన్ను పెద్ద జబ్బులో ఆలస్యం చేయిస్తుంది.

100 కంటే తగ్గినా పూతను నమ్మవద్దని మొదట అన్నది ఇందుకే. జ్వరం దిగి ఆవు మేత మీదికి వస్తే అది కోలుకోవడం. జ్వరం దిగి చెవులు చల్లబడి, నెమరు ఆగితే అది కూలిపోవడం. చేతితో తాకితే రెండూ ఒకేలా "వేడి తగ్గింది" అనిపిస్తాయి. పూత మొదలుపెట్టిన ఇంట్లో ఉష్ణోగ్రతను పూటకోసారి కాగితం మీద రాయాలని నేను పట్టుబట్టేది అందుకే. పాలు నీళ్లలా, తేటలా, రక్తం కలిసి వచ్చినా, పొదుగు ఒక్క పూటలో రెట్టింపు ఉబ్బినా, చన్ను నీలంగా మారి చల్లబడినా థర్మామీటరు కోసం కూడా ఆగనక్కరలేదు. 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. అది రావడానికి సమయం పడుతుందంటే దగ్గరలోని ఆసుపత్రికి కబురు పెట్టండి.

ఇంకొక రకం ఉంది, ఇది చంపదు కాని ఏళ్ల తరబడి తింటుంది. స్టఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి పొదుగు లోపల గూడు కట్టుకుని, చుట్టూ గట్టి కణజాలం పెంచుకుంటుంది. పూత పూస్తే పైవాపు తగ్గుతుంది, తునకలు పోతాయి, నెల తర్వాత మళ్లీ వస్తాయి. రైతు మళ్లీ పూస్తాడు. యాంటీబయాటిక్‌కు కూడా ఇది సరిగా లొంగదు కాబట్టి, అందులో నాటువైద్యాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. నష్టం ఏమిటంటే, ఆ నెలల్లో మీ చేతుల ద్వారా, తుడిచే గుడ్డ ద్వారా అది మిగతా ఆవులకు పాకుతుంది. అందుకే నయమైందా లేదా అన్నది వాపును చూసి కాదు, పాలను చూసి తేల్చాలి.

దానికి ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. బట్టల సబ్బు పొడి 15 గ్రాములు అరలీటరు నీళ్లలో కరిగించండి. నాలుగు తెల్లటి గిన్నెల్లో ఒక్కో చన్ను పాలు విడివిడిగా రెండు చెంచాలు పిండి, అంతే కొలత సబ్బు నీళ్లు పోసి, గిన్నెను గుండ్రంగా తిప్పండి. మంచి పాలు నీళ్లలాగే తిరుగుతాయి. జబ్బు ఉన్న చన్ను పాలు అర నిమిషంలో జిగటగా, గంజిలా చిక్కబడతాయి. పాలలోకి వచ్చి చేరిన రక్షక కణాలను సబ్బు పగలగొట్టడం వల్ల ఆ జిగట వస్తుంది. ఈనిన మొదటి వారంలో, వట్టిపోయే ముందు ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. మీ ఆవుకు ఇరవై రోజులైంది కాబట్టి చేసుకోవచ్చు. పూత మొదలుపెట్టిన రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి చేయండి. పదో రోజు కూడా అదే చన్ను చిక్కబడితే పూత పని అయిపోయింది, పాలను పరీక్షకు పంపాల్సిందే.

రెండో ఆవు కథలో ఒక ముక్క దాచాను. అది మేత మానేసి పడుకున్నాక, పక్కింటి పెద్దాయన ఒకరు మంచి మనసుతో జీలకర్ర, వాము, బెల్లం కషాయం కాచి వెదురు గొట్టంతో గొంతులో పోశారు. నేను ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే కుడివైపు కింద గురగుర వినిపించింది. కషాయంలో కొంత ఊపిరితిత్తుల్లోకి పోయింది. జీలకర్ర, వాము తప్పు కాదు. అజీర్తి చేసిన ఆవు నిలబడి, తల తానే పట్టుకుని, మింగగలిగితే ఆ కషాయం మంచిదే. పడుకుండిపోయి, మెడ పక్కకు వాల్చేసిన ఆవుకు మింగే శక్తి ఉండదు. మూతి పైకెత్తి, నాలుక పట్టి లాగి పోస్తే అది ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఊపిరితిత్తుల్లోకి పోయిన నూనెకు, కషాయానికి మంచి వైద్యం నా దగ్గర కూడా లేదు.

ఈ పొరపాటు పాల జ్వరంలో మరీ ఎక్కువ. ఈనిన ఒకటి రెండు రోజుల్లో, బాగా పాలిచ్చే ఆవు తూలి, పడుకుని, మెడను డొక్క వైపు తిప్పి పెట్టుకుంటుంది. పేరులో జ్వరం ఉన్నా ఒళ్లు చల్లగా ఉంటుంది. రక్తంలో కాల్షియం పడిపోవడమే కారణం. బలం లేక పడిందని అల్లం, మిరియాల కషాయం పోస్తారు. అదే ఆవుకు రక్తనాళంలోకి కాల్షియం మెల్లగా ఎక్కిస్తే చాలాసార్లు సీసా అయిపోయేలోపే త్రేన్చి, పేడ వేసి, లేచి నిలబడుతుంది. నా ఉద్యోగంలో నేను చూసిన ఒకే ఒక్క మాయలాంటి వైద్యం అది. ముందు కషాయం పోసిన ఆవు కూడా కాల్షియంతో లేస్తుంది, కాని కషాయం ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే మూడో రోజు నిమ్ముతో పడిపోతుంది.

నూనె పోయడం కడుపుబ్బరంలో మాత్రం ఆధారం ఉన్న పద్ధతే. పచ్చి అలసంద, లూసర్న్ లాంటి పప్పుజాతి మేత ఎక్కువ తిన్నప్పుడు పొట్టలో గాలి చిన్న చిన్న బుడగలుగా నురగకట్టి బయటికి రాలేదు. వంటనూనె ఆ నురగను విరగగొడుతుంది. పెద్ద ఆవుకు పావు లీటరు నుంచి అర లీటరు, నిలబడిన ఆవుకు, మూతి మరీ పైకెత్తకుండా, గుటకలు గమనిస్తూ ఆగి ఆగి పోయాలి. ఊపిరి అందక నాలుక బయటపెట్టిన ఆవుకు నూనె కోసం సమయం వృథా చేయకూడదు, దానికి గొట్టం వేసి గాలి తీసే మనిషి కావాలి. పెళ్లి భోజనాల్లో మిగిలిన అన్నం కుండలకొద్దీ తిని ఉబ్బిన ఆవుది వేరే జబ్బు. అక్కడ పొట్టలో పులుపు పెరుగుతుంది, నూనె ఏమీ చేయదు. మన వైపు తిరునాళ్లు, పెళ్లిళ్ల రోజుల్లో ఈ కేసులు వరసగా వచ్చేవి.

పొదుగు దగ్గరికే తిరిగి వస్తాను. చన్ను రంధ్రం మూసుకుపోతే వేప ఈనెకు పసుపు, నెయ్యి రాసి లోపలికి దూర్చే పద్ధతి కూడా పూతతోపాటే ప్రచారంలో ఉంది. నేను దాన్ని ఒప్పుకోను. చన్ను కొనలో ఉన్న సన్నటి దారి ఆవుకు దేవుడిచ్చిన తలుపు. ఇంటి పెరట్లో తుంచిన ఈనె ఎంత కడిగినా దాని వెంట లోపలికి పోయేవి పోతాయి. ఈస్టు, బూజు జాతి సూక్ష్మజీవులతో వచ్చిన పొదుగువాపుకు నమ్మదగిన మందు దొరకడం కష్టం. పుల్లలు దూర్చిన చన్నుల్లో అలాంటివి చూశాను. ఆ మాటకొస్తే, మూత తీసి ఉంచిన ట్యూబును శుభ్రం చేయని చన్నులోకి ఎక్కించే మా వాళ్లనూ చూశాను, తప్పు ఒకటే.

మిగతా నాటుమందుల గురించి క్లుప్తంగా. గాలికుంటులో నోటి పుండ్లు కడగడం, పసుపు, వేపనూనె గాయాలకు రాయడం బాధను తగ్గిస్తాయి, చేయండి. పురుగులు పట్టిన పుండుకు సీతాఫలం ఆకు పసరు పనిచేస్తుంది, కాని కంటి దగ్గర వాడకండి, చూపు పోతుంది. పిచ్చికుక్క కరిచిందంటే ఆకు పసరు జోలికి పోకుండా సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టాలి. మీ చేతులకు చొంగ అంటితే మీరు కూడా ఆసుపత్రికి వెళ్లాలి. పాముకాటు, గొంతువాపు, జబ్బవాపు, దొమ్మ, వీటికి పెరటి మందు లేదు. వాత పెట్టడం మందు కాదు, కాల్చిన గాయం.

ఇక పాల కేంద్రం సంగతి. యాంటీబయాటిక్ వేయించితే సీసా మీదో ట్యూబు మీదో రాసిన గడువు దాకా పాలు పోయకూడదన్నది నిజం. ఒక చన్నుకే ట్యూబు ఎక్కించాం, మిగతా మూడింటి పాలు పోయవచ్చని చాలామంది అనుకుంటారు. మందు రక్తంలో కలిసి మిగతా గదుల్లోకి కూడా దిగుతుంది, నాలుగు చన్నుల పాలూ ఆపాలి. పూత పూసినంత మాత్రాన జబ్బు చన్ను పాలు అమ్ముకోవచ్చని కూడా కాదు. తునకలు ఉన్నన్నాళ్లూ ఆ ఒక్క చన్ను పాలు వేరే పాత్రలో పిండి, పాకకు దూరంగా గుంటలో పోయాలి. మిగతా మూడు చన్నుల పాలు పోయవచ్చు, కాని ముందు పూతను బాగా కడిగి, తుడిచి పిండండి. పసుపు రంగు పాలను కేంద్రంలో వెనక్కి పంపితే తప్పు వాళ్లది కాదు. మీ లెక్క ప్రకారం పూత వల్ల మిగిలేది ఆ మూడు చన్నుల పాల డబ్బు. అది మంచి లాభమే, జ్వరం లేని ఆవుకు.

మీ ఆవుకు ఈ సాయంత్రం నుంచి ఇలా చేయండి. ముందు ఉష్ణోగ్రత చూసి రాయండి. పూత పూసే ముందే ఆ చన్నును కడిగి, పొడిగుడ్డతో తుడిచి, స్పిరిటు దూదితో కొనను రుద్ది, మొదటి మూడు ధారలు వదిలేసి, నీళ్లలో మరిగించి ఆరబెట్టిన చిన్న సీసాలో నాలుగు చెంచాల పాలు పట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. పూత పని చేయకపోతే ఆ సీసా విలువ అప్పుడు తెలుస్తుంది. ఒకసారి యాంటీబయాటిక్ పడ్డాక పట్టిన పాలలో ఏదీ సరిగా పెరగదు. ఫ్రిజ్‌లో ఒక రోజుకు మించి ఉంచవద్దు, రేపు ఉదయం ఐసు పెట్టి మీ ఊరి పశువైద్యుడి ద్వారా తిరుపతి ప్రయోగశాలకు పంపించండి. తర్వాత పూత మొదలుపెట్టండి. ఈ ఆవును మిగతా రెండింటి తర్వాతే పిండండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. జబ్బు చన్ను పాలు దూడకు తాగించవద్దు. పిండిన తర్వాత అరగంట దాకా ఆవు పడుకోకుండా ముందు కొంచెం వేరుశనగ కట్టె వేయండి, తెరుచుకున్న చన్ను కొనలు ఆలోపు మూసుకుంటాయి.

రేపు ఈ సమయానికి తునకలు తగ్గుముఖం పట్టి, ఆవు ఎప్పటిలా తింటుంటే అయిదు రోజులు కొనసాగించండి. తునకలు అలాగే ఉన్నా, పెరిగినా, జ్వరం లేకపోయినా సరే, ఇరవై నాలుగు గంటల గడువు అయిపోయినట్టే. డాక్టరుకు ఫోను చేసేటప్పుడు పూత పూశామని దాచకండి, మేమేమీ తిట్టం. ఎన్నిసార్లు పూశారో, పూటపూటకు ఎంత ఉష్ణోగ్రత వచ్చిందో ఆ కాగితం చూసి చదవండి.